రేస్, ఎథ్నిసిటీ, నేషనాలిటీ – మూడో పాఠం: యానాం అన్నదమ్ములు

గత పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. యానాంలో ఒక తాతగారు ఉన్నారనుకోండి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, సంక్రాంతి పండగకి ఇంటిల్లిపాదినీ పిలుస్తారు, కానీ బీరువాలో ఉన్నది ఫ్రెంచ్ పాస్‌పోర్టు. ఆయన పేరు ఎదురుగా రేస్, ఎథ్నిసిటీ, నేషనాలిటీ అనే మూడు గడులు నింపమన్నాను. మీరు పంపిన జవాబుల్లో చాలావాటిలో 'రేస్: ఫ్రెంచ్' అని ఉంది. కొందరు 'నేషనాలిటీ: తెలుగు' అని రాశారు. పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు మూడు గడుల్లోనూ 'ఇండియన్' అని రాసి, "మూడూ ఒకటే కదా మావయ్యా, ఇన్ని గడులెందుకు?" అంది.

అందుకని ఈ వారం చెప్పాల్సిన కొత్త పాఠం ఆపేశాను. ఆ తాతగారి లెక్కే మళ్ళీ మొదటినుంచి చేద్దాం.

జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఎక్కడ మొదలైందో తెలిసింది. రెండో పాఠంలో నేను మూడింటినీ వివరిస్తూ 'జాతి' అన్న మాట వాడాను. అది నా పొరపాటు. ఆ ఒక్క మాట మన భాషలో ఎన్ని పనులు చేస్తుందో చూడండి. గాంధీగారిని జాతిపిత అంటాం, అక్కడ జాతి అంటే దేశం. 'తెలుగు జాతి' అంటాం, అక్కడ ఒకే భాష, ఒకే ఆచారాలతో కలిసి పెరిగిన జనం అని అర్థం. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళని రైలుపెట్టెలోంచి దించేస్తే జాతి వివక్ష అంటాం, అక్కడ రేస్. పశువుల సంతలో ముర్రా జాతి గేదె అంటే అది వేరే సంగతి. ఇక మా పెద్దమ్మగారి తరం వాళ్ళు పెళ్ళిసంబంధం మాట్లాడుతూ "వాళ్ళు ఏ జాతి?" అంటే కులం అడుగుతున్నారు. 'జాతీయ' అని చివర చేర్చగానే మళ్ళీ దేశం దగ్గరికి వచ్చేస్తాం, జాతీయ జెండాలాగా. ఐదు అర్థాలు ఒకే మాటలో కూర్చుంటే పిల్లలు తికమకపడరా? పాఠ్యపుస్తకాల్లోనూ, పేపర్లలోనూ ఇదే మాట ఏ అర్థానికి వాడుతున్నారో చెప్పకుండా వాడేస్తుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఇవాళ్టి నుంచి మీ నోటుబుక్కులో 'జాతి' అన్న మాట రాయకండి. ఎక్కడైనా కనిపిస్తే దాని కింద గీత గీసి, దేశమా, జనమా, రేసా, కులమా అని పక్కన రాసుకోండి. ఈ పాఠమంతా ఇంగ్లీషు మాటల్నే తెలుగు లిపిలో వాడతాను. వినడానికి ఎలా ఉన్నా, ఒక్కో మాటకీ ఒక్కో పని ఉంటుంది.

ఇప్పుడు మూడు ప్రశ్నలు. నేషనాలిటీ అంటే, ఏ దేశపు చట్టం నిన్ను తన మనిషిగా రాసుకుంది? ఎథ్నిసిటీ అంటే, ఏ జనంలో పెరిగావు, ఏ భాష, ఏ పండగలు, ఏ పూర్వీకులు నీవి అనుకుంటావు? రేస్ అంటే, ఒంటి రంగు, జుట్టు, ముక్కు చూసి సమాజం నిన్ను ఏ గుంపులో వేసింది? నేను ఎప్పుడూ నేషనాలిటీతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి కాగితం ఉంటుంది. రేస్ ఆఖర్న నింపుతాను. కులం, మతం, రాష్ట్రం ఈ మూడు గడుల్లో దేనిలోకీ రావు.

ఇక తాతగారి దగ్గరికి వద్దాం. లెక్క సులువు కావడానికి ఆయనకో తమ్ముణ్ణి కూడా ఇస్తున్నాను. ఇద్దరూ 1930ల్లో యానాంలోనే పుట్టారు. అప్పుడు యానాం ఫ్రాన్సు చేతిలో ఉంది. గౌతమి ఇవతల యానాం, అవతల ఒడ్డున ఎదుర్లంక. రెండు ఒడ్లలోనూ అదే తెలుగు. సీజన్లో పులస పడితే రెండు ఒడ్లలోనూ అదే హడావిడి. అయినా ఎదుర్లంకలో పుట్టినవాడు బ్రిటిష్ పాలన కింద, యానాంలో పుట్టినవాడు ఫ్రెంచ్ పాలన కింద ఉన్నాడు. నది దాటితే ఎథ్నిసిటీ మారలేదు, నేషనాలిటీ మారింది.

1954 నవంబరు 1న యానాం పరిపాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ రోజే అందరూ భారతీయులైపోయారని మీలో చాలామంది రాశారు. కాలేదు. పరిపాలన చేతులు మారింది కానీ చట్టప్రకారం ఆ నేల ఇంకా ఫ్రాన్సుదే. అప్పగింత ఒప్పందం మీద సంతకాలు 1956 మే నెలలో జరిగాయి. ఫ్రెంచ్ పార్లమెంటు దాన్ని ఆమోదించడానికి మళ్ళీ ఏళ్ళు పట్టింది. 1962 ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. అక్కడ పుట్టి అక్కడే కాపురముంటున్న ఫ్రెంచ్ పౌరులు ఆ రోజున భారత పౌరులయ్యారు. అయితే ఒక వెసులుబాటు ఉంది. ఫ్రెంచ్ పౌరులుగానే ఉండాలనుకునేవాళ్ళు ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా ఆ మాట చెప్పాలి.

మన లెక్కలో అన్న వెళ్ళి ఆ కాగితం రాసి ఇచ్చాడు. తమ్ముడు ఇవ్వలేదు. ఆరు నెలలు గడిచాక అన్న ఫ్రెంచ్, తమ్ముడు ఇండియన్. ఒకే తల్లి బిడ్డలు, ఒకే గుమ్మం, ఒకే వీధి అరుగు. అన్న ముఖం మారలేదు, భాష మారలేదు, తినే అన్నం మారలేదు. ఒక కాగితం ఇచ్చినందుకు ఆయన నేషనాలిటీ నిలబడింది, ఇవ్వనందుకు తమ్ముడిది మారింది.

మేనకోడలు ఇక్కడ ఆపింది. "అంటే అన్నగారు తెలుగాయన కాదా మావయ్యా?" తెలుగాయనే. ఎథ్నిసిటీ గడిలో ఇద్దరికీ తెలుగు అనే రాయాలి. 'రేస్: ఫ్రెంచ్' ఎందుకు తప్పో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫ్రెంచ్ పౌరుల్లో తెల్లవాళ్ళున్నారు, ఆఫ్రికా మూలాలవాళ్ళున్నారు, యానాం వాళ్ళూ ఉన్నారు. ఫ్రెంచ్ అన్న మాట చెప్పినంత మాత్రాన ఎవరి రంగూ తెలియదు.

ఇంకో చిన్న సంగతి. పుట్టిన ఊరే నేషనాలిటీ అనుకోకండి. కోనసీమ నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు కదా. 2010లో ఇద్దరు అక్కచెల్లెళ్ళకి పిల్లలు పుట్టారనుకోండి, ఒకరికి కువైట్‌లో, ఒకరికి అమెరికాలో. తల్లిదండ్రులంతా భారత పౌరులే. కువైట్‌లో పుట్టిన బిడ్డకి అక్కడ పుట్టినందుకు కువైట్ పౌరసత్వం రాదు. ఏడాదిలోపు మన ఎంబసీలో పేరు నమోదు చేయిస్తే భారత పౌరసత్వం వస్తుంది. అమెరికాలో పుట్టిన బిడ్డ అక్కడ పుట్టినందుకే అమెరికన్. అందుకే దరఖాస్తుల్లో పుట్టిన స్థలానికీ నేషనాలిటీకీ వేరువేరు గడులు ఉంటాయి.

ఇప్పుడు రేస్. మనవాళ్ళకి ఇది కష్టంగా ఉండడంలో వింత లేదు. మన జనాభా లెక్కలవాళ్ళు ఇంటికొచ్చి మతం, మాతృభాష, ఎస్సీయా ఎస్టీయా అని అడుగుతారు, రేస్ అడగరు. చిన్నప్పట్నుంచీ ఆ గడి చూసినవాళ్ళం కాదు. యానాం అన్నదమ్ముల మనవరాళ్ళని తీసుకోండి. అన్నగారి మనవరాలు పారిస్‌లో ఉంది. ఫ్రాన్సు జనాభా లెక్కల్లోనూ రేస్ ప్రశ్న లేదు. తమ్ముడిగారి మనవరాలు చదువుకని అమెరికా వెళ్ళింది. అక్కడి సెన్సస్ కాగితంలో రేస్ ప్రశ్న ఉంటుంది, ఆ పిల్ల 'ఏషియన్ ఇండియన్' దగ్గర టిక్ పెడుతుంది. ఇద్దరూ ఒకే ముత్తాత సంతానం. ఒకరికి ఆ గడే లేదు, ఇంకొకరికి నింపాల్సి వచ్చింది.

ఆ గడిలో మాట కూడా స్థిరంగా లేదు. అమెరికాలో 1970 లెక్కల్లో భారతీయుల్ని తెల్లవాళ్ళ కింద లెక్కేశారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అని వేరే గడి పెట్టారు. ఆ పదేళ్ళూ న్యూజెర్సీలోనే కూర్చున్న మనవాళ్ళకి ఒంటి రంగు మారలేదు, రేస్ మాత్రం మారింది. రక్తంలో ఉండేదైతే ఒక ఆఫీసు కాగితం దాన్ని మార్చగలదా?

"మరి ఎవరో పెట్టిన గడే అయితే వదిలేయొచ్చుగా?" అని మేనకోడలు అడిగింది. వదిలేయలేం, దానివల్ల మనుషులు దెబ్బతిన్నారు. భగత్ సింగ్ థింద్ పంజాబ్ నుంచి అమెరికా వెళ్ళి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా మూలాలవాళ్ళకీ మాత్రమే పౌరసత్వం అన్నది అప్పటి చట్టం. 1920లో ఒరెగాన్‌లోని కోర్టు ఆయనకి పౌరసత్వం ఇచ్చింది. ప్రభుత్వం పైకోర్టులకి వెళ్ళింది. ఆనాటి మానవశాస్త్ర పుస్తకాలు ఉత్తర భారతీయుల్ని తెల్లవాళ్ళతో పాటు కాకేసియన్ అనే గుంపులో వేశాయి కాబట్టి తాను తెల్లవాడి కిందే లెక్క అన్నది ఆయన వాదన. 1923లో సుప్రీంకోర్టు పుస్తకాల మాట పక్కన పెట్టి, మామూలు మనిషి దృష్టిలో భారతదేశం నుంచి వచ్చినవాడు తెల్లవాడు కాడు అని తీర్పు చెప్పింది. ఆయన పౌరసత్వం పోయింది. అప్పటికే పౌరసత్వం తెచ్చుకున్న ఇతర భారతీయుల మీద కూడా ప్రభుత్వం కేసులు వేసి రద్దు చేయించింది. ఆయనకి మళ్ళీ దక్కింది 1936లో. భారతీయులందరికీ ఆ దారి తెరుచుకున్నది 1946 చట్టంతో.

ఇక్కడ మీ తప్పు మూలం కనిపిస్తుంది. ఆ చట్టం రేస్ గడి చూసి నేషనాలిటీ గడి నింపింది. చరిత్రలో రెండింటినీ అలా ముడేశారు కాబట్టే మనకీ అవి ఒకటే అనిపిస్తాయి. నిజానికి అవి రెండు వేరువేరు గడులు. ఒక గడి చూసి ఇంకొకటి నింపమన్నది మనుషులు రాసుకున్న చట్టం.

అభ్యాసం ఒక్కటే ఇస్తున్నాను, కాస్త కష్టమైనది. యానాం నుంచి కాకినాడ వెళ్ళే దారిలో కోరంగి ఉంది, ఇప్పుడు మడ అడవులకి పేరు. ఒకప్పుడు అది ఓడరేవు. అక్కడ ఓడెక్కిన తెలుగు కూలీలు 19వ శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకి వెళ్ళారు. ఆ రేవు పేరుమీదే అక్కడ వాళ్ళని కోరంగీలనీ పిలిచేవాళ్ళు. వాళ్ళ సంతతివాళ్ళలో చాలామంది ఇంట్లో ఇప్పుడు ఫ్రెంచ్‌లోంచి పుట్టిన క్రియోల్ అనే భాష మాట్లాడతారు. అయినా ఉగాది చేసుకుంటారు, అక్కడ అది ప్రభుత్వ సెలవు దినం కూడా. మారిషస్ బ్రిటన్ నుంచి 1968లో విడిపోయింది. అలాంటి ఒక మనిషికి 1960లో ఒకసారి, 1970లో ఒకసారి మూడు గడులూ నింపండి. ఏ గడి మారింది? తెలుగు రాని మనిషి ఎథ్నిసిటీ గడిలో తెలుగు అని రాయొచ్చా? అవునన్నా కాదన్నా ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి. 'జాతి' అన్న మాట వాడిన జవాబు నేను దిద్దను.