అతికించిన చంద్రుడు అతికించినట్టే కనబడుతుంటే

నిరుడు వరంగల్ కోటలో రాత్రిపూట తీసిన తోరణం ఫోటోకి ఫోటోషాప్‌లో పున్నమి చంద్రుణ్ణి కలిపి మా తమ్ముడికి చూపించాను. "అన్నా, చంద్రుడు తోరణాన్ని మింగుతున్నడే" అన్నాడు. తప్పు ఎక్కడుందో వెతికితే ఒకటి కాదు, మూడు దొరికాయి.

సమస్య: చంద్రుడు మరీ పెద్దగా ఉన్నాడు

ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీయే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సార్ మీద అది లెన్స్ ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 110వ వంతు పడుతుంది. నా ఫోటో 24 ఎంఎం లెన్స్‌ది, 6000 పిక్సెల్స్ వెడల్పు. లెక్క వేస్తే చంద్రుడు 36 పిక్సెల్స్ ఉండాలి. నేను పెట్టింది 300. అది 200 ఎంఎం లెన్స్‌లో కనబడే సైజు.

36 పెడితే చుక్కలా ఉందనిపించి 54 దగ్గర ఆగాను. ఒకటిన్నర రెట్ల వరకు కన్ను ఒప్పుకుంటుంది. అన్నట్టు, దిక్కు కూడా చూసుకోండి. సాయంత్రం 7కి పున్నమి చంద్రుడు పడమర ఉండడు.

సమస్య: స్టిక్కర్‌లా ఉంది, మచ్చలు ఆకాశం కన్నా నల్లగా ఉన్నాయి

చంద్రుడి మచ్చ మీద కూడా మనకూ దానికీ మధ్య ఉన్న గాలి, మబ్బుల వెలుగు పడుతుంది. కాబట్టి అది చుట్టూ ఉన్న ఆకాశం కన్నా చీకటిగా ఉండదు. చంద్రుడి లేయర్ మోడ్‌ని Screen కి మార్చితే నల్ల నేపథ్యం పోతుంది, మచ్చలూ తేలికపడతాయి. తర్వాత నల్ల నేపథ్యాన్ని వదిలేసి చంద్రుడి మీద మాత్రమే కాంట్రాస్ట్ బాగా తగ్గించండి. కోట కనబడేలా సెకన్ల తరబడి ఎక్స్‌పోజర్ ఇస్తే నిజం చంద్రుడు తెల్లటి బిళ్లగానే వస్తాడు. మచ్చలు లీలగా ఉంటే చాలు.

సమస్య: వెలుగు ట్యూబ్‌లైట్ చుట్టూ గీసిన గీతలా ఉంది

Outer Glow తో వచ్చే తంటా ఇది. పలుచని మబ్బులో వెలుగు బిళ్ల పక్కన గట్టిగా ఉండి, వెంటనే పడిపోయి, ఆ తర్వాత చాలా దూరం సన్నగా పాకుతుంది. ఒక్క బ్లర్‌తో అది రాదు.

మూడు తెల్లటి వృత్తాలు వేరువేరు లేయర్లలో, అన్నీ Screen లో పెట్టాను. 54 పిక్సెల్స్ వృత్తానికి Gaussian Blur 10. 160 వృత్తానికి 60, Opacity 35%. 540 వృత్తానికి 220, Opacity 12%. ఫైల్ 16 బిట్‌లో ఉండాలి, లేకపోతే ఆకాశంలో మెట్లు పడతాయి.

ఇంత చేసినా గుండ్రంగా, శుభ్రంగా ఉంటే అబద్ధమే. అసలు మబ్బు దాన్ని చెదరగొట్టాలి. ఊరి దీపాల వెలుగులో దట్టమైన మబ్బు తెల్లగా కనబడుతుంది కదా, ఆకాశాన్ని బ్లాక్ అండ్ వైట్ కాపీ చేసి, Levels తో కాంట్రాస్ట్ పెంచి, పెద్ద వెలుగు లేయర్లకు మాస్క్‌గా వేయండి. అదే కాపీని Invert చేసి బిళ్లకు మాస్క్‌గా పెట్టండి. మబ్బు చిక్కగా ఉన్న చోట వెలుగు విస్తరిస్తుంది, బిళ్ల మసకబారుతుంది.

పెద్ద గుడి కట్టినట్టు వలయం గీయాలని మాత్రం ఆశపడకండి. అది చంద్రుడికి 22 డిగ్రీల దూరంలో ఉంటుంది. ఈ ఫోటోలో అంటే సుమారు 1600 పిక్సెల్స్ వ్యాసార్థం. తోరణం మీద పడుతుంది.