ఫోటోల దిద్దుబాటు, 7వ పాఠం: కాలరు దగ్గర బయటికొచ్చిన ట్యాగు

పోయిన పాఠంలో మొటిమలూ మచ్చలూ తీయడానికి ఫోటోషాప్‌లోని హీలింగ్ బ్రష్ నేర్పాను. చాలామంది అక్కడితో ఆగలేదు. అదే బ్రష్షుతో చొక్కా వెనక నిక్కి చూస్తున్న ట్యాగును కూడా తుడిచేసి, మెడ మీద నీలం మరక ఎందుకు వస్తోందని అడిగారు. పంపిన ఫోటోలన్నిటిలోనూ మరక ఒకే చోట ఉంది: కాలరు అంచు మెడను తాకే దగ్గర. అందుకని ఈసారి చెప్పాలనుకున్న జుట్టు పాఠాన్ని వాయిదా వేసి, ముందు ఈ మరక సంగతి చూద్దాం.

Alt నొక్కి మీరు చూపించిన చోటి నుంచి హీలింగ్ బ్రష్ తీసుకునేది పైపొర తీరును మాత్రమే, అంటే చర్మపు గరుకుదనాన్ని. రంగునూ వెలుగునూ అక్కడి నుంచి తీసుకోదు. మీరు బ్రష్ తిప్పిన మేరకు చుట్టూ ఏ రంగు ఉంటే దాన్ని లోపలికి పరుస్తుంది. బుగ్గ నడుమ మొటిమకు చుట్టూ ఉన్నదంతా బుగ్గే కాబట్టి పని శుభ్రంగా అయిపోయింది. కాలరు దగ్గర బ్రష్ ఒక కొసన చొక్కాను తాకితే ఆ నీలం కూడా లెక్కలో చేరి చర్మంలోకి పాకుతుంది. మరక మీద మళ్లీ హీలింగ్ చేసినవాళ్లకు అది ఇంకా వెడల్పయింది. అవుతుంది మరి, ఇప్పుడు దాని చుట్టూ ఉన్నది కూడా మరకే. బ్రష్ చిన్నది చేసినా ఇంతే. తప్పు బ్రష్ సైజులో లేదు, అంచు దాటడంలో ఉంది. రెండు వేర్వేరు వస్తువులు కలిసే గీత మీదికి హీలింగ్ బ్రష్‌ను తీసుకెళ్లకండి. ఇది ఇక ముందు పాఠాల్లో మళ్లీ చెప్పను.

ఇప్పుడు ఒక ఫోటో తీసుకుందాం. లేత నీలం చొక్కా వేసుకున్న మనిషి కాస్త పక్కకు తిరిగి ఉన్నాడు. మెడ వెనక తెల్లటి ట్యాగు బొటనవేలి గోరంత పైకి లేచింది. దాని అడుగు భాగం కాలరు అంచును కప్పింది, నడిమి భాగం మెడ మీద ఉంది, పై కొస వెంట్రుకలను తాకుతోంది. చూడటానికి ఒక్క ట్యాగే అయినా కింద మూడు రకాల చోట్లున్నాయి, మూడింటికీ పని వేరు. కొత్త ఖాళీ లేయర్ మీద పని చేయాలనీ, Sample దగ్గర Current & Below ఉండాలనీ మీకు తెలుసు.

మొదట అంచు. చర్మం ముందు దిద్దితే అంచు ఎక్కడ ఉండాలో తెలియక తర్వాత తడుముకోవాలి. ట్యాగుకు ఆనుకుని, మరుగుపడని కాలరు అంచును ట్యాగు వెడల్పు కన్నా కాస్త ఎక్కువగా లాసోతో చుట్టండి. ఈ ముక్కలో గుడ్డ కొంత, మెడ చర్మం కొంత, రెండూ ఉండాలి. ఎందుకో దగ్గరకు జరిపి 300 శాతంలో చూస్తే తెలుస్తుంది. కాలరు మెడను తాకే చోట సన్నటి ముదురు గోధుమరంగు నీడ గీత ఉంటుంది. ఆ గీత పోతే కాలరు మెడకు ఆనకుండా గాలిలో తేలుతున్నట్టు, ఎక్కడినుంచో కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. ముక్కను గుడ్డతోనూ చర్మంతోనూ కలిపి తీస్తే నీడ కూడా దానితో పాటే వస్తుంది, మనం గీయనక్కర లేదు.

ఫోటో ఉన్న లేయర్ మీద నిలబడి Ctrl+J నొక్కితే ఆ ముక్క విడి లేయర్ అవుతుంది. Ctrl+T తో దాన్ని ట్యాగు మీదికి జరిపి, కాలరు వంపుకు తగ్గట్టు కొద్దిగా తిప్పండి. సరిగ్గా కూర్చుందో లేదో అంచును బట్టి తేల్చకండి, కాలరు మీది కుట్టు వరసను చూడండి. అంచుకు సమాంతరంగా పోయే ఆ కుట్టు ఎక్కడైనా మెట్టులా విరిగితే చూసేవాడి కన్ను అక్కడే ఆగుతుంది. కుట్టు కలిశాక ముక్క చుట్టూ ఉన్న అంచులను లేయర్ మాస్కుతో మెత్తబరచండి.

రెండో వైపు కాలరును కాపీ చేసి అద్దంలోలా తిప్పి పెట్టడం కొందరికి అలవాటు. నాకది నచ్చదు. వెలుగు ఎడమ నుంచి పడే ఫోటోలో ఆ ముక్క మీద మాత్రం కుడి నుంచి పడుతుంది.

తర్వాత చర్మం. పెన్ టూలుతో ట్యాగు కప్పిన చర్మం చుట్టూ గీసి, Ctrl+Enter తో సెలెక్షన్‌గా మార్చండి. కాలరు వైపు మాత్రం గీత అంచు వెంటే నడవాలి, ఇందాకటి నీడ గీతకు కాస్త ఇవతలే ఆగాలి. వెంట్రుకల వైపు కూడా అవి మొదలయ్యే లోపే ఆపండి. మిగిలిన వైపుల ధారాళంగా వదిలేయవచ్చు. ఇప్పుడు ఖాళీ లేయర్ మీదికి తిరిగి వచ్చి హీలింగ్ బ్రష్ వాడండి. సెలెక్షన్ బయట ఉన్న నీలం దాని లెక్కలోకి రాదు కాబట్టి మరక రాదు. నమూనా కాలరుకు అంతే దూరంలో ఉన్న చర్మం నుంచే తీసుకోండి, ఎందుకంటే మెడ వెనక్కి పోయేకొద్దీ నునుపూ వెలుగూ రెండూ మారతాయి. ట్యాగు మెడ మీద వేసిన నీడను మరచిపోకండి. ట్యాగు పోయి దాని నీడ మిగిలిన ఫోటోలు ఈసారి కూడా వచ్చాయి.

వెంట్రుకల దగ్గర క్లోన్ స్టాంపే. రెండు మూడు వెంట్రుకల మందం బ్రష్షుతో, అవి పెరిగే దిక్కులోనే లాగండి. బ్రష్ మరీ మెత్తగా ఉంటే ఫోటోలోని సన్నటి రవ్వలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఆ చోటు నున్నగా తేలుతుంది. నేను గట్టిదనం 70కి తక్కువ పెట్టను.

జాకెట్టు లోపలి పట్టీ భుజం మీదికి జారితే పని దాదాపు ఇదే. ఒక్క తేడా, బిగుతు పట్టీ చర్మాన్ని నొక్కుతుంది. పట్టీని తీసేసినా దాని రెండు పక్కలా చర్మం ఉబ్బిన వెలుగు గీతలు ఉండిపోతాయి. సెలెక్షన్ వాటిని కూడా కలుపుకునేంత వెడల్పుగా ఉండాలి.

భుజం మీద ఎవరిదో చెయ్యి మాత్రం వేరే స్థాయి. ఇంట్లో పెద్దాయనకు విడిగా తీసిన ఫోటో లేక, పెళ్లి గుంపు ఫోటోలోంచి ఆయనను వేరు చేసి పెద్దది చేయిస్తారు, భుజం మీద నాలుగు వేళ్లు ఉండిపోతాయి. వేళ్లు పోయేలా ఫోటో కింది భాగాన్ని కత్తిరించడానికి వీలుంటే ముందు అదే చేయండి, నేనైతే చేస్తాను. వీలు కాకపోతే భుజం గీతను ఇందాకటి కాలరు అంచులాగే ముక్కతో కట్టండి. అసలు చిక్కు వేళ్లలో లేదు, వేళ్లు నొక్కిన గుడ్డలో ఉంది. ముడతలన్నీ వేలికొసల వైపే పరుగెత్తుతుంటాయి. వేళ్లు పోయాక అవి దేన్నీ చేరని గీతలుగా మిగిలి గుట్టు బయటపెడతాయి. వాటిని కూడా తీసి, చంక నుంచి మొదలయ్యే మామూలు ముడతను ఒకదాన్ని భుజం దాకా సాగనివ్వండి. గళ్ల చొక్కా అయితే మాత్రం ఒక్కో గడినీ కలపాలి, దగ్గరదారి లేదు.

అభ్యాసం: ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, ఫోనును దేనికైనా ఆనించి కదలకుండా పెట్టి, ట్యాగు లోపల ఉండగా ఒకటి, బయటికి లాగి ఒకటి తీయండి. రెండోదాన్ని మాత్రమే దిద్దండి, అయ్యేదాకా మొదటిది తెరవకండి. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి కాలరు కింది నీడ గీతను పోల్చండి. చొక్కా గళ్లదే కావాలి. సాదా చొక్కాతో చేసి పంపితే చూడను.