అసోసియేషన్ మీటింగ్ చివర అధ్యక్షుల ముగింపు మాటలు, వందన సమర్పణ ఎలా?

అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక సర్వసభ్య సమావేశాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కావాల్సినవి అజెండా కాగితం, పెన్ను, అంతే. వరుస కూడా తేలికే: అధ్యక్షుల ముగింపు మాటలు, కార్యదర్శి వందన సమర్పణ, జనగణమన. అధ్యక్షులు "సభ ముగిసింది" అనకూడదు. ఆ మాట వినగానే జనం లేచిపోతారు, వందన సమర్పణ ఎవరూ వినరు.

అసలు చిక్కు ముగింపు మాటల్లోనే ఉంది. చాలామంది వీటిని ఇంటి దగ్గరే రాసుకొస్తారు. అది తప్పు. తీర్మానాలు తేలాక, సభలోనే అజెండా వెనక రాసుకోవాలి. ప్రతి అంశం పక్కన ఈ మూడింట్లో ఒక మాటే ఉండాలి: ఆమోదం, వాయిదా, లేదా కమిటీకి. కార్యదర్శి మినిట్స్‌లో ఏం రాశారో ఒకసారి చూసి, అవే మాటలు చదవాలి.

ఎందుకింత జాగ్రత్త? పార్కింగ్ గొడవ తేలలేదనుకోండి. సభను చల్లబరచాలని అధ్యక్షులు "నెలలో పరిష్కరిస్తాం" అనేస్తారు. అది తీర్మానం కాదు, మినిట్స్‌లోనూ ఉండదు. కానీ సభ్యులు మాటగా పట్టుకుంటారు, వచ్చే మీటింగ్ దాంతోనే మొదలవుతుంది. ముగింపులో కొత్త హామీ, కొత్త అంశం, ఓడిన పక్షానికి సమాధానం, ఈ మూడూ వద్దు. ఇలా చాలు:

"సభ్యులకు నమస్కారం. ఈ రోజు మూడు అంశాలు చర్చించాం. మెయింటెనెన్స్‌ను ఏప్రిల్ నుంచి 2,500 రూపాయల నుంచి 3,000కు పెంచాలని మెజారిటీతో ఆమోదించాం. లిఫ్ట్ మరమ్మతు కొటేషన్ల పరిశీలనను ముగ్గురు సభ్యుల కమిటీకి అప్పగించాం. పార్కింగ్ కేటాయింపును తదుపరి సమావేశానికి వాయిదా వేశాం. ఇప్పుడు వందన సమర్పణ చేయాల్సిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను."

పెంపును వ్యతిరేకించినవాళ్లు ఉన్నప్పుడు "ఏకగ్రీవంగా" అనకండి. ఆ ఒక్క మాటకే సభలో మళ్లీ గొడవ లేస్తుంది.

వందన సమర్పణ మాత్రం ముందు రోజే రాసుకోవాలి, పేర్లు మరిచిపోకుండా. అధ్యక్షులే చేస్తే వాళ్లకు వాళ్లే కృతజ్ఞత చెప్పుకున్నట్టవుతుంది కాబట్టి కార్యదర్శే చేయాలి. రెండు నిమిషాలు దాటకూడదు. కవిత్వం, సామెతలు అక్కర్లేదు. ఎవరు ఏ పని చేశారో చెబితే అదే గౌరవం.

"సభను నడిపించిన అధ్యక్షుల వారికి, లెక్కలు వివరించిన ఆడిటర్ గారికి, ఓపికగా చర్చించిన సభ్యులందరికీ కృతజ్ఞతలు. పొద్దుటి నుంచి కుర్చీలు, మైకు చూసుకున్న వాచ్‌మన్ గారికి, హౌస్‌కీపింగ్ సిబ్బందికి ధన్యవాదాలు. జాతీయ గీతం కోసం అందరూ లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో వాచ్‌మన్, సిబ్బంది అని ఉన్నచోట వాళ్ల పేర్లే చెప్పాలి, పక్కన "గారు" ఉండాలి. చివరగా, అధ్యక్షులు రాసుకున్న కాగితాన్ని కార్యదర్శికి ఇచ్చేయాలి. సంతకానికి ముందు మినిట్స్‌ను దాంతో సరిచూసుకోవచ్చు.