కాఫీకి పిలిచే ముందు జాగ్రత్తలు

అద్దం ముందు సాధన వద్దు, మన మొహం మనకు కనిపిస్తుంటే నోరు పెగలదు. నేను హాస్టల్ డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి పైకే అనుకున్నాను. మొదటిసారి మాట ఎండల దగ్గర మొదలై, ఇంటర్నల్స్ మీదుగా ఎటో పోయింది. ఎనిమిదోసారికి మిగిలింది ఇంతే: “రేపు ల్యాబ్ అయ్యాక నారాయణగూడలో కాఫీ తాగుదామా?”

రోజు, చోటు చెప్పాలి. “ఎప్పుడైనా వెళ్దాం” అంటే “చూద్దాం” అంటారు. ఇక ఆ ముక్క పట్టుకుని వారం రోజులు నిద్రుండదు.

అమ్మాయి తన స్నేహితురాళ్ల మధ్య ఉన్నప్పుడు అడగొద్దు. వద్దనడానికి ఆమెకు వీలుండాలి. మెట్ల మీద దారికి అడ్డంగా నిలబడి అసలే వద్దు.

వద్దంటే “సరే” అనడం కూడా సాధన చేయాలి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే.

ఇంతా చేసి, కోఠి బస్టాపులో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు నా నోట్లోంచి “మీరు రేపు...” అని వచ్చింది. రెండేళ్లుగా “నువ్వు” అనే పిలుచుకుంటున్నాం!

“మీరేంటి కొత్తగా?” అని నవ్వింది. వాక్యం మొత్తం విన్నాక, “కాఫీ నాకు పడదు. ఇరానీ చాయ్ అయితే వస్తా” అంది.

చాయ్‌కి నేను సాధన చేయలేదు. “సరే” మాత్రం తడబడకుండా వచ్చింది.