నిల్వ పత్తిలో మంట లేకుండా పొగ: కారణం, పరిష్కారం

ధర వచ్చేదాకా ఆగుదామని పత్తిని ఇంట్లోనే ఓ గదిలో నింపుకోవడం నర్సంపేట, పరకాల వైపు మామూలే. ఏనుమాముల మార్కెట్‌కు బండి కట్టేదాకా ఇంటిల్లిపాదీ పక్క గదిలో పడుకుంటారు. ఆ కుప్పలో బీడీ ముక్కో, వైరు నుంచి రాలిన నిప్పురవ్వో పడితే వచ్చే సమస్య ఇది.

సమస్య 1: కమురు వాసన, పల్చని తెల్లటి పొగ. మంట మాత్రం కనపడదు. ఇంట్లోవాళ్లకు తలనొప్పి, వికారం.

కారణం: పత్తి లోలోపల రాజుకుంది. మంటతో కాలడం వేరు, ఇలా రగలడం వేరు. మంట వచ్చినప్పుడు వేడికి పత్తిలోంచి ఆవిర్లు బయటికొచ్చి, గాలిలో కలిసి అక్కడే కాలిపోతాయి. మంట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆవిర్లతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా చాలావరకు కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది.

రగిలేటప్పుడు అలా జరగదు. పోగు మీద మిగిలిన నల్లటి బొగ్గును ఆక్సిజన్ నేరుగా అంటుకుంటుంది. అక్కడి వేడి సుమారు 500 నుంచి 700 డిగ్రీలే. ఆ వేడికి చుట్టుపక్కల పత్తి ఉడికి ఆవిర్లు వదులుతుంది, కానీ వాటిని కాల్చడానికి పైన మంట లేదు. అవి చల్లబడి సన్నని తారు తుంపరలవుతాయి. మనం చూసే తెల్లటి పొగ అదే, అంటే కాలకుండా తప్పించుకున్న ఇంధనం. బొగ్గు మీద పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌దీ ఇదే కథ. కుప్ప లోపల గాలి తక్కువ, వేడి చాలదు కాబట్టి అది కాలకుండానే బయటపడుతుంది.

ఎంత వస్తుందో ఒక లెక్క చూద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు పొడవు, పది ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. తలుపులు మూసి ఉన్నాయి, గాలి మారడం లేదు అనుకుందాం. అర కిలో పత్తి రగిలితే, గ్రాముకు 0.1 గ్రాము చొప్పున చూసినా 50 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. అంటే గదిలో దాదాపు 1,300 పీపీఎం, పది లక్షల భాగాల గాలిలో 1,300 భాగాలు అదే. అరగంటలోపే తల పగిలిపోతున్నట్టు ఉంటుంది, రెండు మూడు గంటలైతే ప్రాణం మీదికొస్తుంది. అదే అర కిలో గాలి బాగా ఆడేచోట మంటతో కాలితే వచ్చేది ఇందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పైగా రగలడం గంటకు కొన్ని సెంటీమీటర్లే ముందుకు సాగుతుంది కనుక రాత్రంతా చడీచప్పుడు లేకుండా నడుస్తుంది.

పరిష్కారం: ముందు మనుషుల్ని, ముఖ్యంగా నిద్రలో ఉన్నవాళ్లను లేపి బయటికి తీసుకురండి. మూతికి తడిగుడ్డ కట్టుకుంటే తారు కొంత ఆగుతుందేమో, కార్బన్ మోనాక్సైడ్ ఆగదు. 101కు ఫోన్ చేయండి. తల తిరుగుతున్నా, మగతగా ఉన్నా 108 పిలిచి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని ఊరుకోవద్దు. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కిస్తుంది.

పత్తి గది తలుపును భళ్లున తెరవకండి, ఫ్యాన్ అసలే వేయొద్దు. కొత్త గాలి తగలగానే రగులుతున్నది మంటగా మారొచ్చు, పేరుకున్న ఆవిర్లూ ఒక్కసారిగా అంటుకోవచ్చు. ఆ గదిని ఫైర్ వాళ్లకు వదిలేయడమే మేలు.

సమస్య 2: నీళ్లు పోశాం, ఆరింది. మర్నాడు మళ్లీ పొగ.

కారణం: ముడి పత్తి పోగుకు సహజంగా మైనం పూత ఉంటుంది. నీళ్లు లోపలికి ఇంకకుండా పై నుంచి జారిపోతాయి. కుప్ప పైన తడిసి ముద్దవుతుంది, నడుమ నిప్పు అలాగే ఉంటుంది.

పరిష్కారం: ఫైర్ వాళ్లు సరేనన్నాక కొంచెం కొంచెంగా ఆరుబయటికి, ఇంటికీ గడ్డివాముకూ దూరంగా తెచ్చి పలుచగా పరచండి. పక్కన నీళ్లు సిద్ధంగా ఉంచుకోండి, విప్పేటప్పుడు మంట లేవొచ్చు. నీళ్లలో కాస్త సర్ఫ్ కలిపితే పోగులోకి ఇంకుతాయి. నల్లబడ్డ ముద్దల్ని విప్పి నానబెట్టాలి. బాగున్న పత్తిని వెంటనే మళ్లీ గదిలో పోయొద్దు. కొన్ని రోజులు బయటే విడిగా ఉంచి, పొద్దునా సాయంత్రం వాసన చూసి, వెచ్చగా ఉందేమో పరీక్షించాలి. బస్తాల్లో, బేళ్లలో బిగించిన పత్తి అయితే ఇంకా ఎక్కువ రోజులు కనిపెట్టుకుని ఉండాలి, లోపలి రవ్వ బయటపడటానికి అంత సమయం పడుతుంది.

సమస్య 3: పొగే లేదు, అయినా తలనొప్పి.

చలికాలం గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నప్పుడు ఇలా అవుతుంది. బొగ్గు తయారీలోనే ఆవిర్లన్నీ పోయాయి కాబట్టి పొగ రాదు. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం పత్తిలో లాగే వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు. కుంపటి బయట పెట్టండి. కిటికీ ఓరగా తెరిచాం కదా అన్న ధైర్యం చాలదు.