నూలు బట్టకు ప్రకృతి రంగులు – 3వ పాఠం: ఒకే కుండ, నాలుగు ముక్కలు

పోయిన పాఠంలో బట్టను చాకలి సోడా వేసి ఉడకబెట్టి గంజి, మైనం పోగొట్టాం. ఆ బట్టే ఇప్పుడు తీయండి. మొదలుపెట్టే ముందు దాని మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. వెంటనే ఇంకిపోతే సరే. ముత్యంలా నిలబడిందంటే ఇంకోసారి ఉడకబెట్టక తప్పదు, లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

ఈ పాఠం మంజిష్ఠ గురించి. పసుపు, నీలిమందు మధ్యలో పలకరించి వెళ్తాయి. మూడింటినీ ఒకేలా వాడొచ్చనుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. మంజిష్ఠ రంగు నూలుకు తనంతట తాను అంటదు. మధ్యలో ఒక లోహపు ఉప్పు ఉండాలి. అది ఒక చేత్తో బట్టను, రెండో చేత్తో రంగును పట్టుకుంటుంది. దాన్నే మార్డెంట్ అంటారు, కలంకారీ పనివాళ్లు కారం అంటారు. ఏ లోహం పట్టుకుందన్న దాన్నిబట్టి ఛాయ కూడా మారుతుంది. మన పనికి రెండు చాలు: పటికలోని అల్యూమినియం, అన్నభేదిలోని ఇనుము.

ఇంకో చిక్కుంది. పట్టు, ఉన్ని పటికను ఇట్టే పట్టుకుంటాయి, నూలు అంత సులువుగా పట్టుకోదు. అందుకే ముందు కరక్కాయ. దాని వగరు నూలుకు అంటుకుని, వెనక వచ్చే లోహాన్ని పట్టి ఉంచుతుంది. తేలియా రుమాలు నేతగాళ్లు ఇదే పనికి ఆముదం నూనె, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద వాడి, నూలును రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు. ఇంట్లో అంత ఓపిక మనకుండదు, కరక్కాయే నయం.

ఇక పని. 25 గ్రాముల చొప్పున నాలుగు ముక్కలు కత్తిరించండి. తడిసినా చెరగకుండా మూలన దారపు ముడులతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గుర్తు పెట్టండి. పెన్నుతో రాస్తే కుండలో పోతుంది.

ఒకటో ముక్కను ఏమీ చేయకుండా పక్కన ఉంచండి. మిగతా మూడింటికీ కలిపి 15 గ్రాముల కరక్కాయ పొడిని రెండు లీటర్ల వేడి నీళ్లలో కలిపి, వడగట్టి, ముక్కల్ని అందులో రాత్రంతా ఉంచండి. పొద్దున పిండి, నీళ్లతో కడగకుండా నీడన ఆరేయండి. లేత గోధుమ పసుపు వస్తుంది.

రెండు, నాలుగు ముక్కలకు పటిక. 10 గ్రాముల పటికను వేడినీళ్లలో కరిగించి, ముక్కలు మునిగేంత నీళ్లు చేర్చి, మళ్లీ రాత్రంతా నానబెట్టండి. మూడో ముక్కకు వేరే గిన్నెలో అర గ్రాము అన్నభేది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. కరక్కాయ బట్ట అన్నభేది నీళ్లలో పడగానే, ఇంకా మంజిష్ఠ ఊసే లేకుండా, కళ్లముందే బూడిద రంగులోకి, ఆపైన నల్లసిరా రంగులోకి తిరుగుతుంది. పాతకాలపు సిరా ఇలా వగరునూ ఇనుమునూ కలిపి చేసిందే. పది నిమిషాలు చాలు, తీసేయండి. ఇనుము ఎక్కువైతే నలుపు బాగా వస్తుంది కానీ, కొన్నేళ్లకు ఆ చోట బట్ట పెళుసై చిరుగుతుంది. పాత కలంకారీ బట్టల్లో నల్లగీతలు ఉన్నచోటే చిల్లులు పడటం ఇందుకే.

ఆరాక, మూడింటినీ విడివిడిగా బాగా జాడించండి. ఈ మెట్టు దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. బట్టకు అంటని పటిక అలాగే ఉండిపోతే కుండలో కరిగి, రంగును తనవైపు లాక్కుంటుంది. అడుగున ఎర్రటి మడ్డి దిగి, బట్ట మాత్రం పాలిపోయి కనిపిస్తే జరిగింది అదే. మంజిష్ఠను తిట్టి లాభం లేదు.

మంజిష్ఠ వేరు పొడి 100 గ్రాములు, అంటే నాలుగు ముక్కల బరువుకు సమానంగా, స్టీలు గిన్నెలో ముందురోజు రాత్రే నానబెట్టండి. ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె వద్దు, అవే మార్డెంట్లు అయి కూర్చుంటాయి. ఈ గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు. బోరు నీళ్లు ఇక్కడ మేలు చేస్తాయి: వాటిలోని సున్నపు అంశం ఎరుపును గట్టిపరుస్తుంది. ఫిల్టరు నీళ్లతో రంగు పేలవంగా వస్తుంది. అయితే బకెట్టుకు తుప్పు మరకలు కట్టే బోరు నీళ్లు మాత్రం వాడకండి.

ముక్కలన్నీ తడిపి చల్లటి రంగునీళ్లలోనే వేసి, సన్నటి మంట మీద గంటసేపట్లో 65–70 డిగ్రీలకు తీసుకురండి. థర్మామీటరు లేకపోతే, గిన్నె అడుగున చిన్న బుడగలు కట్టి, పైకి ఇంకా లేవని దశ అనుకోండి. అక్కడే ముప్పావుగంట నిలపండి. కళపెళ మరిగితే వేరులోని గోధుమ రంగులు కూడా దిగి ఎరుపు మురికిపడుతుంది. మధ్యమధ్య కర్రతో తిప్పుతూ ఉండండి. నేను మొదటిసారి ఇనుప గరిటెతో తిప్పాను. పటిక ముక్క మీద గరిటె తగిలిన చోటల్లా ఊదా చుక్కలు పడ్డాయి. ఎన్ని సార్లు ఉతికినా పోలేదు. మార్డెంట్ అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది ఆ రోజే.

చల్లారాక తీసి, జాడించి, నీడన ఆరేసి వరుసగా పెట్టండి. ఒకటో ముక్క లేత గులాబీ మట్టి రంగులో ఉండి, రెండు ఉతుకులకు చాలావరకు పోతుంది. రెండోది ఇటుక ఎరుపు. కింద కరక్కాయ పసుపు ఉంది కాబట్టి ఆ కావి ఛాయ తప్పదు. మూడోది నలుపుకు దగ్గరైన ముదురు గోధుమ. నాలుగోదాన్ని ఇప్పుడు పావు గ్రాము అన్నభేది కలిపిన నీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీసి, జాడించండి. ఎరుపు వంకాయ రంగువైపు జరుగుతుంది. ఎప్పుడు ఆపాలో కంటితోనే తేల్చుకోవాలి. ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి, కావాల్సిన దానికన్నా కాస్త ముదురుగా ఉండగా తీయండి.

ఇదే గుట్టు మీద మచిలీపట్నం అద్దకాలు నిలిచాయి. పటిక అద్దిన చోట ఎరుపు, ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లు అద్దిన చోట నలుపు, ఏదీ అద్దని చోట తెలుపు. అంతా ఒకే డేగిశాలో తేలుతుంది. ఒకప్పుడు ఆ ఎరుపు మన తీరపు చిరివేరుది.

ఇదే ప్రయోగం పసుపుతో చేసి చూడండి. మార్డెంట్ లేకుండానే అంటుకుంటుంది. పటికతో కాస్త మెరుస్తుంది, అన్నభేదితో ఆలివ్ రంగులోకి వాడుతుంది, అంతే. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది: పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపే. అసలు లోపం ఎండ. ఒక ముక్కను సగం అట్టతో కప్పి కిటికీలో వారం ఉంచితే తెలిసిపోతుంది. ఏ మార్డెంటూ దాన్ని కాపాడలేదు. అందుకే చీరకు నేను పసుపు వాడను, దానిమ్మ తొక్క వాడతాను.

నీలిమందుకు ఈ కారాలతో పనే లేదు. అది నీళ్లలో కరగదు. సున్నం, బెల్లంతో కరిగే రూపంలోకి తెచ్చి బట్టలోకి ఎక్కిస్తే, గాలి తగలగానే మళ్లీ కరగని నీలంగా మారి పోగుల్లోనే ఉండిపోతుంది. ముదురు, లేత అన్నది ఎన్ని ముంపులన్న దాన్నిబట్టే. నీలం, ఎరుపు రెండూ ఒకే బట్టపై కావాలంటే నీలమే ముందు వేయాలి. సున్నపు తొట్టిలో పటిక కొంత ఊడిపోతుంది.

వచ్చే పాఠంలో ఆ తొట్టి కడదాం. అరకిలో బెల్లం, పొడి సున్నం, మూతగల ప్లాస్టిక్ డ్రమ్ము సిద్ధంగా ఉంచుకోండి. ఈ నాలుగు ముక్కల్ని నోటుబుక్కులో కుట్టి, పక్కన బరువులు, తేదీ, ఏ నీళ్లు వాడారో రాసి పెట్టండి.