మూడు నిష్పత్తులకు మూడు అంకెలు చాలు

కాస్టింగ్ లెక్కల్లో కెపాసిటీ, యాక్టివిటీ, ఎఫిషియెన్సీ నిష్పత్తులు వచ్చినప్పుడల్లా దేన్ని దేనితో భాగించాలో తికమక అవుతుంది. సూత్రాలు బట్టీ పట్టకుండా, ముందు మూడు గంటల అంకెలు ఈ వరుసలో రాసుకోండి: బడ్జెట్ గంటలు, నిజంగా పనిచేసిన గంటలు, తయారైన సరుకుకు పట్టాల్సిన స్టాండర్డ్ గంటలు.

బడ్జెట్‌లో 1,000 యూనిట్లకు 8,000 గంటలు అనుకుందాం, అంటే యూనిట్‌కు 8. తయారైనవి 900, పట్టిన గంటలు 7,500. మూడో అంకె 900 × 8 = 7,200. దీన్ని మాత్రం మనమే కట్టుకోవాలి.

ఇక ప్రతిసారీ కుడివైపు అంకెను ఎడమవైపు దానితో భాగించడమే. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కెపాసిటీ 93.75%, మూడోదాన్ని రెండోదానితో భాగిస్తే ఎఫిషియెన్సీ 96%, మూడోదాన్ని మొదటిదానితో భాగిస్తే యాక్టివిటీ 90%. మొదటి రెండు నిష్పత్తులూ గుణిస్తే మూడో నిష్పత్తి రావాలి: 0.9375 × 0.96 = 0.90.

ఒక జాగ్రత్త. ఆ 7,200 తప్పుగా కట్టినా గుణకారం మాత్రం సరిపోతుంది, ఎందుకంటే తప్పు రెండు వైపులా సమానంగా ఉంటుంది. ముఖ్యంగా రెండు మూడు రకాల సరుకులున్నప్పుడు యూనిట్లన్నీ కలిపేయకండి. ఒక్కో రకానికి స్టాండర్డ్ గంటలు విడిగా కట్టి, ఆ గంటలనే కలపాలి.